పారిస్‌లో రెండున్నర అయితే నిడదవోలులో ఎంత?

2024 అక్టోబరు 29, మంగళవారం. దీపావళికి ఇంకా రెండు రోజులుంది. సాయంత్రం ఆరింటికి మా మేనకోడలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఆరుంపావుకి నన్ను కేకేసింది. "మావయ్యా, ఓసారి ఇలా రా. మీటింగ్ రద్దయిపోయిందో ఏమో, ఒక్కళ్ళూ రాలేదు." తెర మీద తెల్లటి పెట్టె ఒకటి కనిపిస్తోంది. నిర్వాహకుడు ఇంకా కార్యక్రమం మొదలుపెట్టలేదని అందులో ఫ్రెంచిలో రాసి ఉంది.

అమ్మాయి పనిచేసేది హైదరాబాదు ఆఫీసుకి. ఆ ఆఫీసు అసలు కంపెనీ పారిస్‌ది. నెలలో ఇరవై రోజులు నిడదవోలులో ఇంట్లోంచే పని చేస్తుంది. కొత్త సాఫ్ట్‌వేర్ గురించి కంపెనీ ఒక వెబినార్ పెట్టింది, పిలుపు ఈమెయిల్లో ఫ్రెంచిలో వచ్చింది. తను ఫ్రెంచి నేర్చుకుంది కాబట్టి మాటలు అర్థం కాకపోవడమనే సమస్యే లేదు. అంతకు ముందు బుధవారం, 23న, పారిస్‌వాళ్ళు ఇదే రెండున్నరకి పెట్టిన కాల్‌కి ఇక్కడ సరిగ్గా ఆరింటికి హాజరైంది. ఈ రోజూ రెండున్నరే, ఈ రోజూ ఆరే అనుకుంది. అప్పుడు సరిపోయిన లెక్క వారం తిరక్కుండానే ఎందుకు తప్పిందో చూద్దామని ఉత్తరం తెరిపించాను. ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి, గడియారం తేడా వస్తే ఊరుకోలేను.

ఉత్తరంలో పనికొచ్చే ముక్క మూడు వరసలే.

```
Mardi 29 octobre 2024, de 14 h 30 à 16 h (heure de Paris)
Merci de confirmer votre présence
au plus tard le vendredi 25 octobre à 18 h.
```

మొదటి వరసలో మంగళవారం 29 అక్టోబరు, 14 గంటల 30 నిమిషాల నుంచి 16 గంటల వరకూ, పారిస్ సమయం అని ఉంది. మధ్యలో ఉన్న h అంటే గంట. ఫ్రెంచివాళ్ళు ఉత్తరాల్లో ఏ.ఎమ్., పి.ఎమ్. రాయరు, ఇరవైనాలుగు గంటల లెక్కే రాస్తారు. మనం రైల్వే టైమ్ అంటాం చూడండి, అదే. నిడదవోలు జంక్షన్‌లో రైలెక్కే అలవాటున్నవాళ్ళకి ఇందులో కొత్తేమీ లేదు. మిగతా రెండు వరసలూ జవాబు గడువు: శుక్రవారం 25 అక్టోబరు, ఆలస్యమైనా 18 గంటల లోపు, వస్తున్నట్టు ఖాయం చెయ్యండి.

గడువు చెప్పే మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. ఇక్కడ రాసింది "ఓ ప్లు తార్". అంటే ఆఖరి క్షణం అది, ఆ క్షణం కూడా లెక్కలోకి వస్తుంది. దీని బదులు చాలామంది "అవాన్ ల 25" అని రాస్తారు. దానికి నిక్కచ్చి అర్థం 25కి ముందు, అంటే 24 రాత్రితో సరి. కానీ రాసేవాళ్ళలో సగం మంది 25ని కలుపుకునే రాస్తారు. మనకీ ఈ చిక్కుంది. "ఇరవై అయిదు లోపు కట్టండి" అంటే ఇరవై అయిదో తారీఖున కట్టొచ్చా లేదా అని కౌంటర్ల దగ్గర వాదించుకోవడం చూస్తూనే ఉంటాం. ఫ్రెంచి ఉత్తరంలో "అవాన్" కనిపిస్తే ముందు రోజే జవాబు పంపెయ్యడం మేలు. ఇంకో మాట కూడా గుర్తుంచుకోవాలి. "ఉయి జూర్"లో జవాబివ్వమంటే అక్షరాలా ఎనిమిది రోజులు, వాళ్ళ వాడుకలో మాత్రం ఒక్క వారం. ఈ రోజునీ కలిపి లెక్కపెడతారు, అందుకే ఎనిమిది. "కేంజ్ జూర్" అంటే పదిహేను రోజులు, అంటే రెండు వారాలు. మనం కూడా పదిహేను రోజులకోసారి అంటూ రెండు వారాలకోసారి చేసే పనులెన్నో ఉన్నాయి కనక ఇది చప్పున పట్టుబడుతుంది. ఇంగ్లీషు శుభలేఖల అడుగున మేనమామ ఫోన్ నంబరు పక్కన ఉండే ఆర్.ఎస్.వి.పి. కూడా ఫ్రెంచే: "రెపోందే సిల్ వూ ప్లే", దయచేసి జవాబివ్వండి.

గడువు సంగతిలో అమ్మాయి తప్పేమీ చెయ్యలేదు. పారిస్ 18 గంటలంటే ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర. తను శుక్రవారం మధ్యాహ్నమే పంపేసింది. తప్పు జరిగింది మొదటి వరసలో, అదీ తెలియకుండా. ఈ ఉత్తరంలో రెండు గంటలున్నాయి: ఒకటి 25న, ఇంకొకటి 29న. ఆ రెంటికీ మధ్య 27 ఆదివారం ఉంది. ఆ తెల్లవారుజామున ఫ్రాన్సులో మూడు గంటలైనప్పుడు గడియారాన్ని వెనక్కి తిప్పి రెండు చేశారు. కాబట్టి ఒకే ఉత్తరంలో ఉన్న రెండు గంటలనీ మన గంటల్లోకి మార్చాలంటే రెండు వేర్వేరు అంకెలు కలపాలి. 25నాటి గంటకి మూడున్నర కలపాలి, 29నాటి గంటకి నాలుగున్నర కలపాలి. రెండున్నరకి నాలుగున్నర కలిపితే ఏడు. వెబినార్ మన సాయంత్రం ఏడింటికి. అమ్మాయి గంట ముందొచ్చి ఖాళీ గదిలో కూర్చుంది.

ఈ మూడున్నరా నాలుగున్నరా ఎక్కడివో చూస్తే లెక్క మర్చిపోలేం.

భూమి తన చుట్టూ తను తిరగడానికి ఒక రోజు పడుతుంది. అంటే 360 డిగ్రీలకి 24 గంటలు, డిగ్రీకి నాలుగు నిమిషాలు. మన దేశానికంతటికీ 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశాన్ని ప్రామాణికంగా పెట్టుకున్నాం. అది ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్ దగ్గరగా వెళ్తుందని పిల్లలు బడిలో చదువుతారు. ఆ గీతనే కిందికి లాగితే మన కాకినాడకి కాస్త తూర్పున, తుని పక్కగా సముద్రంలోకి దిగుతుంది. ఆ సంగతి గోదావరి పిల్లలకి ముందు చెప్పాలి. నిడదవోలు సుమారు 81 డిగ్రీల 40 నిమిషాల దగ్గర ఉంది, అంటే ఆ గీతకి 50 నిమిషాల పడమర. ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున లెక్కేస్తే నిడదవోలు సూర్యుడు మన గడియారం కంటే సుమారు మూడు నిమిషాల ఇరవై సెకన్లు వెనక. అంటే మన చేతి గడియారం దాదాపు మన ఎండతోనే నడుస్తోంది.

పారిస్ 2 డిగ్రీల 20 నిమిషాల తూర్పున ఉంది. రెండు ఊళ్ళ తేడా 79 డిగ్రీల 20 నిమిషాలు, నాలుగుతో గుణిస్తే 5 గంటల 17 నిమిషాలు. సూర్యుణ్ణి అడిగితే నిడదవోలుకీ పారిస్‌కీ తేడా అయిదుంపావు గంటలు. గడియారాన్ని అడిగితే నాలుగున్నర, లేదంటే మూడున్నర. మిగిలిన ముప్పావు గంట ఎటు పోయింది? ఎండాకాలంలో గంటా ముప్పావు ఎటు పోయింది?

మన గడియారం ఎండతోనే ఉందని చూశాం, కాబట్టి తేడా వాళ్ళ వైపే ఉంది. అది మూడు విడతలుగా వచ్చింది.

ఒకప్పుడు ఫ్రాన్సు తన సొంత పారిస్ రేఖాంశాన్నే పట్టుకుని ఉండేది. ప్రపంచం గ్రీనిచ్‌ని సున్నాగా ఒప్పుకున్నాక కూడా చాలా ఏళ్ళు లొంగలేదు. చివరికి 1911 మార్చిలో చట్టం చేశారు. అందులో గ్రీనిచ్ పేరే ఎత్తలేదు. ఫ్రాన్సు చట్టబద్ధ సమయం అంటే పారిస్ సగటు సమయం నుంచి తొమ్మిది నిమిషాల ఇరవై ఒక్క సెకన్లు వెనక్కి జరిపినది అని రాశారు. ఆ తొమ్మిది నిమిషాల ఇరవై ఒక్క సెకన్లే పారిస్ రెండు డిగ్రీల ఇరవై నిమిషాల వెల. అంటే గ్రీనిచ్ సమయమే. ఆ లెక్కే ఈనాటికీ ఉండి ఉంటే మనకీ పారిస్‌కీ తేడా ఎప్పుడూ అయిదున్నరే, లండన్ చలికాలపు తేడాలా. కానీ 1940లో జర్మన్ సైన్యం పారిస్‌ని ఆక్రమించి తమ గడియారాన్ని, అంటే ఒక గంట ముందున్న దాన్ని, అక్కడ పెట్టింది. యుద్ధం అయిపోయాక కూడా ఫ్రాన్సు ఆ గంటని వెనక్కి తియ్యలేదు. అయిదున్నర నాలుగున్నర అయింది అక్కడే. తరవాత పెట్రోలు కరువు రోజుల్లో, దీపాల కరెంటు ఆదా చేద్దామని, 1976 నుంచి ఎండాకాలంలో ఇంకో గంట ముందుకి జరుపుతున్నారు. అది మూడున్నర. జూన్ నెలలో పారిస్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో ఇంచుమించు రెండవుతుంది.

ఇలా జరపడం మనకి వింతగా ఉంటుంది గానీ, పారిస్ ఎక్కడుందో చూడండి. ఉత్తరాన దాదాపు 49 డిగ్రీల అక్షాంశం. జూన్‌లో అక్కడ పగలు పదహారు గంటలు దాటుతుంది, డిసెంబరులో ఎనిమిదింబావుకే అయిపోతుంది. నిడదవోలులో పెద్ద పగలు పదమూడు గంటల పైచిలుకు, చిన్న పగలు పదకొండు గంటల పైచిలుకు. మనకి ఏడాది మొత్తం మీద మారేది రెండు గంటలైతే, వాళ్ళకి ఎనిమిది గంటలు. తెల్లవారుజామున అందరూ పడుకుని ఉండగా వృథా అయిపోయే వెలుతురుని సాయంత్రానికి తెచ్చుకుందామన్నది వాళ్ళ ఆలోచన. మనకి తెచ్చుకోవడానికి మిగులే లేదు.

ఐరోపా సమాఖ్య దేశాలన్నీ ఒకే క్షణాన మారతాయి. మార్చి ఆఖరి ఆదివారం ముందుకి, అక్టోబరు ఆఖరి ఆదివారం వెనక్కి, రెండుసార్లూ గ్రీనిచ్ లెక్కన తెల్లవారుజామున ఒంటిగంటకి. మనకి అది ఉదయం ఆరున్నర. ఈ పద్ధతి ఎత్తేద్దామని 2019లో ఐరోపా పార్లమెంటు ఓటేసింది గానీ, సభ్యదేశాలు ఒక మాట మీదికి రాలేదు, మార్పులు అలాగే సాగుతున్నాయి. అమెరికా తారీఖులు వేరు: మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం. అందుకే ఆ 29న న్యూజెర్సీలో ఉన్న మా అమ్మాయి సహోద్యోగి కూడా తప్పాడు. పారిస్ గడియారం వెనక్కి వెళ్ళింది, వాళ్ళది ఇంకా వెళ్ళలేదు. మామూలుగా ఆరు గంటలుండే తేడా ఆ వారం అయిదే. ఎనిమిదిన్నరకి కూర్చున్నాడు, మొదలైంది తొమ్మిదిన్నరకి.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఉత్తరం రాగానే ఫోన్‌లో "పారిస్‌లో ఇప్పుడు టైమెంత" అని వెతుకుతారు. అది ఇప్పటి తేడానే చెబుతుంది. ఉత్తరం అక్టోబరు 15న వస్తే మూడున్నర అని చూపిస్తుంది, 15కి అది నిజమే. కావలసింది 29నాటి తేడా. ఏ తారీఖు గంటని మారుస్తున్నామో ఆ తారీఖు ఇచ్చే అడగాలి. ఇంకో పొరపాటు పిలిచేవాళ్ళ వైపు నుంచి వస్తుంది. పాత ఉత్తరాన్ని కాపీ చేసి, "పారిస్ సమయం" అని వదిలెయ్యకుండా పక్కన UTC+2 అని ఎండాకాలపు గుర్తుని అలాగే ఉంచేస్తారు. అక్టోబరు ఆఖరి ఆదివారం తరవాతి తారీఖుకి పక్కన UTC+2 కనిపించినా, జులై తారీఖు పక్కన UTC+1 కనిపించినా, అది పాత ఉత్తరపు అచ్చని అనుమానించి ఒక ముక్క రాసి అడగాలి. ఒట్టి "పారిస్ సమయం" అన్న మాటే అన్నిటికన్నా నమ్మదగ్గది. ఆ తారీఖున పారిస్‌లో గోడ గడియారం ఏం చూపిస్తుందో అదే దాని అర్థం.

అమ్మాయి ఉత్తరం అడుగున invite.ics అని చిన్న ఫైలుంది. తను దాన్ని తెరవలేదు. ఉత్తరం చదివి డైరీలో చేత్తో ఆరు అని రాసుకుంది. ఆ ఫైలు మామూలు అక్షరాలే, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే కనిపిస్తాయి. తెరిచాం.

```
DTSTART;TZID=Europe/Paris:20241029T143000
```

మొదలయ్యే సమయం, ఏ ఊరి గడియారం, తారీఖు, T తరవాత గంటా నిమిషాలూ. ఇది మంచి రాత. ఇందులో తేడా ఎంతో చెప్పలేదు, ఊరి పేరు మాత్రం చెప్పింది. ఆ ఊరు ఏ ఏడాది ఏ తారీఖున ఎన్ని గంటలు ముందుందో ఒక పట్టిక మన ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ ఉంటుంది. మనకి అందులో పేరు Asia/Kolkata. ఫోన్ 29నాటి వరస చూసుకుని పారిస్‌ని మనకి మార్చి చూపిస్తుంది. అమ్మాయి ఫైలుని క్యాలెండర్‌లోకి లాగింది. సాయంత్రం 7:00 అని పడింది.

"అయ్యో, నేనే కదా మావయ్యా తప్పు రాసుకున్నది" అంది.

"నువ్వు రాసింది గత బుధవారానికి ఒప్పే అమ్మలూ. మారింది పారిస్" అన్నాను.

ఇదే వరస ఇంకో రెండు రకాలుగా వస్తుంది. ఒకటి, చివర Z పెట్టినది.

```
DTSTART:20241029T133000Z
```

Z అంటే గ్రీనిచ్ లెక్క. ఒంటిగంటన్నరకి మన అయిదున్నర కలిపితే ఏడు. ఒక్కసారి జరిగే కార్యక్రమానికి ఇదీ పక్కాయే. ప్రతి మంగళవారం జరిగే సమావేశానికి మాత్రం పనికిరాదు. గ్రీనిచ్ కదలదు, పారిస్ కదులుతుంది. మార్చి దాటాక పారిస్‌వాళ్ళకే వాళ్ళ సమావేశం గంట అటూ ఇటూ అయిపోతుంది. రెండోది చెడ్డది.

```
DTSTART:20241029T143000
```

ఊరి పేరూ లేదు, Z కూడా లేదు. ఏ ఊరి ఫోన్‌లో తెరిస్తే ఆ ఊరి రెండున్నర అనుకుంటుంది. నిడదవోలులో మధ్యాహ్నం రెండున్నర అని పడుతుంది. దీన్ని పట్టుకోవడం సులువే. ఉత్తరంలో రాసిన అంకే, క్యాలెండర్‌లో పడిన అంకే ఒక్కటిగా ఉంటే ఆ ఫైలుకి ఊరు తెలియదన్నమాట. పారిస్ గంటా మన గంటా ఏ రోజునా ఒక్కటి కావు. ఇంకొక గుర్తు నిమిషాల్లో ఉంది. మూడున్నర కలిపినా నాలుగున్నర కలిపినా ఆ అర మిగులుతుంది కాబట్టి, ఫ్రెంచి ఉత్తరంలో 14 h అని పూర్తి గంట ఉంటే మనకి అరగంట మీద పడాలి, 14 h 30 ఉంటే పూర్తి గంట మీద పడాలి. అలా పడలేదంటే మార్చడంలో ఎక్కడో తేడా వచ్చినట్టే. అయితే మూడున్నరకి బదులు నాలుగున్నర వేసిన తప్పు ఈ పరీక్షకి దొరకదు. దానికి తారీఖు చూసుకోవలసిందే.

ఏడింటికి అమ్మాయి మళ్ళీ కూర్చుంది. తెల్ల పెట్టె పోయి మనుషులొచ్చారు.

గోదావరి ప్రాంతానికి ఫ్రెంచి ఉత్తరాలు కొత్తేమీ కాదు. డెల్టా చివర యానాంలో 1954 దాకా పాలన ఫ్రెంచివాళ్ళదే, చట్టప్రకారం అప్పగింత పూర్తయింది 1962లో. కాగితం మీద వచ్చే పిలుపుకి గడియారం గొడవ ఉండేది కాదు. పిలిచినవాడూ వెళ్ళేవాడూ ఒకే ఊళ్ళో ఉంటారు, పన్నెండంటే ఇద్దరికీ ఒకే పన్నెండు. ఇంట్లో కూర్చుని పారిస్‌లో హాజరవ్వడం వచ్చాకే ఇవన్నీ వచ్చాయి.

అక్టోబరు తప్పుకి అంత నష్టం లేదు. గంట ముందు వెళ్ళాం, కూర్చున్నాం. నష్టం తెచ్చేది మార్చి తప్పు. చలికాలమంతా నాలుగున్నర కలిపి అలవాటైన మనిషి, ఏప్రిల్‌లోనూ నాలుగున్నరే కలిపితే గంట ఆలస్యంగా వెళ్తాడు. గంటన్నర వెబినార్‌లో మిగిలేది అరగంట. జవాబు గడువుకైతే ఆ అరగంటా మిగలదు. పేర్ల జాబితా మూసేశాక, హాజరయ్యేవాళ్ళకి పంపే లింకు అతనికి రానే రాదు.

2025 మార్చిలో సరిగ్గా అలాంటి పిలుపే వచ్చింది. వెబినార్ మంగళవారం ఏప్రిల్ 1, పారిస్ 11 h. ఫ్రెంచిలో ఒకటో తారీఖుని 1er అని రాస్తారు, 1 పక్కన er చూసి అదేదో అనుకోకూడదు. జవాబు గడువు గురువారం మార్చి 27, 12 h. మధ్యలో మార్చి 30 ఆదివారం ఉంది. అంటే గడువుకి నాలుగున్నర కలపాలి, మన సాయంత్రం నాలుగున్నర. వెబినార్‌కి మూడున్నర కలపాలి, మన మధ్యాహ్నం రెండున్నర. పాత అలవాటున మూడున్నరకి కూర్చుంటే గంట పోయినట్టే.

ఆ మార్చి 30 విశ్వావసు నామ సంవత్సర ఉగాది. పొద్దున ఆరున్నరకి మా ఇంట్లో వేపపువ్వు కోసుకొస్తున్న వేళకి, పారిస్‌లో తెల్లవారుజామున రెండు కాకుండానే మూడయింది. దీపావళి అటూ ఇటూగా ఒకసారి, ఉగాది అటూ ఇటూగా ఒకసారి పారిస్ గడియారం మారుతుందని అమ్మాయికి గుర్తు చెప్పాను. పండగలు చంద్రుడితో వస్తాయి కాబట్టి రెండు మూడు వారాల తేడా పడొచ్చు, అది జ్ఞాపకానికే గానీ లెక్కకి కాదు అని కూడా చెప్పాను. తను గోడ మీది తెలుగు క్యాలెండర్ తీసి, మార్చి 30 గడిలో ఉగాది అన్న ఎర్ర అక్షరాల కింద పెన్సిల్‌తో "ఇక మూడున్నర" అని రాసింది. పేజీలు తిప్పి అక్టోబరు 26 గడిలో "ఇక నాలుగున్నర" అని రాసింది.